పొత్తికడుపు నుంచి పైకి: బల్లను చేత్తో పట్టుకునే పద్ధతి

భేజ్జి సుక్మా జిల్లా కోంటా బ్లాకులో ఉంది. జనం దోర్ల, గోండి మాట్లాడతారు, శబరి అవతలి ఒడ్డుతో బంధుత్వాలు ఉన్నందువల్ల తెలుగూ తెలుసు. ఇక్కడి అడవి పల్లెల్లో పిల్లాడి పొట్ట ఎడమ వైపు ఉబ్బెత్తుగా కనిపిస్తే తల్లే చెబుతుంది, బల్ల పెరిగిందని. వైద్యులు ప్లీహం అనేది దాన్నే. బస్తర్‌లో ఎక్కువగా కనిపించేది ఫాల్సిపారం మలేరియా. అది మళ్ళీ మళ్ళీ వచ్చిన పిల్లల్లో ప్లీహం పెరిగి డొక్క కిందికి దిగుతుంది. అందుకే ఇంటింటికీ తిరిగే మితానిన్‌కీ, ఉపకేంద్రంలో పనిచేసే నర్సుకీ, ఆసుపత్రి దూరంగా ఉన్న ప్రతి కుటుంబానికీ ప్లీహాన్ని చేత్తో పట్టుకోవడం తెలిసి ఉండాలి. ఈ అధ్యాయంలో నేర్పేది ముఖ్యంగా అదే. దానితో పొరబడే మూత్రపిండం గురించీ, రక్తహీనత ఉన్న పిల్లాడిలో వినాల్సిన గుండె చోట్ల గురించీ అవసరమైనంత చెబుతాను.

చేత్తో చూడడం రక్తపరీక్షకు బదులు కాదు. 2020 జనవరిలో మొదలైన ‘మలేరియా ముక్త్ బస్తర్’ కార్యక్రమంలో జ్వరం ఉన్నా లేకపోయినా అందరి రక్తాన్నీ పరీక్షించారు. జ్వరం లేని వాళ్ళలో కూడా చాలామందికి మలేరియా బయటపడింది. మలేరియా ఉందో లేదో తేల్చేది రక్తపు చుక్క. ఆ పిల్లాడికి ఇది మొదటిసారా, ఎన్నాళ్ళుగానో నడుస్తున్న వ్యవహారమా, మందు పనిచేస్తోందా లేదా అన్న సంగతుల గురించి ఆధారం ఇచ్చేది చేయి.

ఈ ఆధారం పాతదే. సికిందరాబాద్‌లో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. దానికి సుమారు యాభై ఏళ్ళ ముందే డెంప్‌స్టర్ అనే సైనిక వైద్యుడు యమున కాలువల వెంట ఉన్న గ్రామాల్లో పిల్లల పొట్టలు తడిమి, ఎంతమందికి ప్లీహం పెరిగిందో లెక్కగట్టాడు. ఆ లెక్కతోనే ఏ ఊళ్ళో జ్వరం ఎక్కువో చెప్పాడు. సూక్ష్మదర్శిని లేని చోట ఆయన వాడిన సాధనం చేయి ఒక్కటే.

మొదటి మెట్టు: ఎముకలు లెక్కపెట్టడం

లోపలి అవయవం కనపడదు, ఎముక తగులుతుంది. కాబట్టి ఎముకే గుర్తు. మెడ కింద రెండు కాలర్ ఎముకల మధ్య ఉన్న గుంటలో వేలు పెట్టి, ఛాతీ మధ్య ఎముక మీదుగా నెమ్మదిగా కిందికి జార్చండి. పెద్దవాళ్ళలో సుమారు అయిదు సెంటీమీటర్లు దిగాక అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది. దీన్ని లూయీ కోణం అంటారు. ఆ గట్టు నుంచి వేలును పక్కకు జరిపితే రెండో పక్కటెముక మీదికి చేరతారు. మొదటిది కాలర్ ఎముక కింద దాగి ఉంటుంది కాబట్టి అక్కణ్ణుంచి లెక్క మొదలుపెట్టడం కుదరదు. రెండో ఎముక కింద ఉన్న సందు రెండో సందు. తర్వాత మూడు, నాలుగు, అయిదు అంటూ దిగుతూ పోవాలి.

వీపు వైపు వేరే గుర్తు ఉంది. మనిషి చేతులు వేలాడేసి కూర్చున్నప్పుడు రెక్క ఎముక కింది కొన సుమారుగా ఏడో పక్కటెముక దగ్గర ఉంటుంది. అక్కణ్ణుంచి కిందికి ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు లెక్కపెట్టవచ్చు. ప్లీహం ఎడమ వైపు తొమ్మిదో ఎముక నుంచి పదకొండో ఎముక దాకా, పదో ఎముక వెంబడి ఏటవాలుగా, వీపు వైపుకు ఒదిగి ఉంటుంది. దాని ముందు కొన చంక మధ్య నుంచి కిందికి గీసే గీతను దాటి ముందుకు రాదు. పెద్దవాళ్ళలో దాని పొడవు సుమారు 12 సెంటీమీటర్లు, బరువు 150 నుంచి 200 గ్రాములు. ఇంత లోపల, ఎముకల చాటున ఉంటుంది కాబట్టి ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో అది చేతికి తగలదు. రెండు మూడు రెట్లు పెరిగితేనే ఎముకల అంచు దాటి బయటికి వస్తుంది. చంటిపిల్లల్లోనూ, సన్నగా ఉన్న కొందరు చిన్నపిల్లల్లోనూ మెత్తని అంచు కాస్త తగిలినా అది జబ్బు కాకపోవచ్చు.

పెరిగే ప్లీహం నిటారుగా కిందికి దిగదు. పక్కటెముకల అంచు దాటి, బొడ్డు వైపుకు, అక్కణ్ణుంచి కుడి పొత్తికడుపు వైపుకు ఏటవాలుగా సాగుతుంది. చేయి ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పేది ఆ దారే.

రెండో మెట్టు: చేయి కదిలే తీరు

పిల్లాణ్ణి మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టండి. మోకాళ్ళు మడిస్తే పొట్ట కండరాలు వదులవుతాయి. ఏడుస్తుంటే ఆగండి, బిగుసుకున్న పొట్టలో ఏమీ తెలియదు. తాకే ముందు చూడండి. పక్క నుంచి వెలుతురు పడేలా కూర్చుంటే, బాగా పెరిగిన ప్లీహం గాలి పీల్చినప్పుడల్లా చర్మం కింద కదలడం కంటికే తెలుస్తుంది. మీ చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచుకోండి.

మీరు పిల్లాడి కుడి వైపు ఉండాలి. ఎడమ అరచేతిని అతని ఎడమ డొక్క వెనక, కింది పక్కటెముకల కింద పెట్టి కొద్దిగా ముందుకు ఎత్తి పట్టండి. కుడి చేతిని కుడి పొత్తికడుపు మీద, వేళ్ళ కొనలు ఎడమ చంక వైపు చూసేలా ఆనించండి. ఇప్పుడు చెప్పండి: “నోరు తెరిచి గాలి పీల్చు బాబూ.” పీలుస్తున్నంతసేపూ మీ చేయి కదలకూడదు. ఊపిరి నిండేకొద్దీ ప్లీహమే కిందికి దిగి వచ్చి వేళ్ళకు తగులుతుంది. గాలి వదిలినప్పుడు చేతిని ఒకటి రెండు సెంటీమీటర్లు ఎడమ డొక్క వైపు జరపండి. మళ్ళీ పీల్చమనండి, మళ్ళీ ఆగండి. ఇలా పక్కటెముకల అంచు దాకా వెళ్ళాలి.

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ప్లీహం ఎడమ డొక్కలో ఉంటుందని చదివి నేరుగా ఎడమ పక్కటెముకల కింద చేయి పెడతారు. బాగా పెరిగిన ప్లీహం అప్పటికే ఆ చేతి కింద అంతటా పరుచుకుని ఉంటుంది. అంచు దొరకదు కాబట్టి వాళ్ళకు తగిలేదంతా గట్టి పొట్టలాగే అనిపించి, ‘ప్లీహం లేదు’ అని రాస్తారు. అన్నిటికంటే పెద్ద ప్లీహం తప్పిపోయేది ఇలాగే. పొత్తికడుపు నుంచి పైకి వచ్చే చేతికి మాత్రం అంచు తప్పకుండా అడ్డు తగులుతుంది.

రెండో తప్పు, వేళ్ళతో గుచ్చి వెతకడం. మలేరియాతో ఉబ్బిన ప్లీహం మెత్తగా, పై పొర బిగుతుగా ఉంటుంది. దెబ్బకు, అరుదుగా గట్టి నొక్కుకు కూడా, చిట్లే ప్రమాదం ఉంది. వేళ్ళ పక్క భాగంతో, చర్మం ఒక సెంటీమీటరు లోపలికి వెళ్ళేంత ఒత్తిడి చాలు.

పక్కటెముకల అంచు దాకా వచ్చినా ఏమీ తగలకపోతే పిల్లాణ్ణి కుడి పక్కకు తిప్పి, ఎడమ మోకాలు మడిచి, మళ్ళీ అదే పని చేయండి. కొద్దిగానే పెరిగిన ప్లీహం ఈ భంగిమలో ముందుకు జారి తగులుతుంది. అప్పటికీ దొరకకపోతే వేలితో తట్టి చూడండి. చంక ముందు మడత నుంచి నిటారుగా కిందికి గీత గీసినట్టు ఊహించి, ఆ గీత మీద అన్నిటికంటే కింద ఉన్న పక్కటెముకల సందులో ఒక వేలు ఆనించి, దాని మీద రెండో చేతి వేలితో తట్టండి. అక్కడ మామూలుగా డొల్ల చప్పుడు వస్తుంది. నిండుగా గాలి పీల్చినప్పుడు అది మొద్దు చప్పుడుగా మారితే ప్లీహం పెరిగిందని అనుమానించాలి. దీన్ని 1967లో కాస్టెల్ అనే వైద్యుడు వివరించాడు. ఇప్పుడే కడుపునిండా తిన్న పిల్లాడిలో ఈ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది, కాబట్టి భోజనానికి ముందే చేయండి.

మూడో మెట్టు: తగిలింది ప్లీహమేనా?

ఎడమ డొక్కలో చేతికి తగిలే గడ్డ అంతా ప్లీహం కాదు. తరచూ పొరబడేది ఎడమ మూత్రపిండంతో. దాని చోటు వెనక నుంచి గుర్తుపట్టాలి. వెన్నెముకకు రెండు పక్కలా నిలువుగా నడిచే దళసరి కండరం ఉంది. ఆ కండరం బయటి అంచూ, పన్నెండో పక్కటెముకా కలిసే చోట చిన్న కోణం ఏర్పడుతుంది. మూత్రపిండం కింది భాగం దానికి ఎదురుగా లోపల ఉంటుంది. పెద్దవాళ్ళలో మూత్రపిండం సుమారు 11 సెంటీమీటర్ల పొడవుంటుంది. ఎడమది కుడిదాని కన్నా కాస్త పైన ఉంటుంది. మూత్రపిండంలో చీము, వాపు ఉంటే ఆ కోణంలో మెల్లగా తట్టినా మనిషి ఉలిక్కిపడతాడు. ప్లీహం పెరిగినప్పుడు అక్కడ అంత నొప్పి ఉండదు.

ముందు వైపు నుంచి రెండిటినీ వేరు చేసే గుర్తుల్లో మూడు నమ్మదగినవి. మొదటిది, గడ్డకూ పక్కటెముకల అంచుకూ మధ్య వేళ్ళు దూరతాయా? ప్లీహం ఎముకల కింద నుంచే వస్తుంది కాబట్టి దాని పైకి వేళ్ళు వెళ్ళవు. మూత్రపిండం పైకి చాలాసార్లు వెళ్తాయి. రెండోది, ఊపిరితో కదలిక. గాలి పీలిస్తే ప్లీహం బొడ్డు వైపు ఏటవాలుగా బాగా కదులుతుంది. మూత్రపిండం నిటారుగా, కొద్దిగానే దిగుతుంది. మూడోది, రెండు చేతుల మధ్య ఆట. డొక్క వెనక పెట్టిన చేతితో పైకి చిన్నగా ఎగదోస్తే మూత్రపిండం వచ్చి ముందున్న చేతికి తగిలి వెనక్కి పోతుంది. ప్లీహం అలా ఆడదు.

ప్లీహానికే ప్రత్యేకమైన మరో గుర్తు దాని లోపలి అంచు మీద ఉండే గంటు. బాగా పెరిగినప్పుడు అది వేలికి తెలుస్తుంది. గంటు దొరికితే ఇక సందేహం లేదు, దొరకకపోతే ప్లీహం కాదని మాత్రం అనుకోకూడదు.

నాలుగో మెట్టు: కొలిచి రాయడం

‘ప్లీహం పెరిగింది’ అని రాస్తే వచ్చే నెల అదే పిల్లాణ్ణి చూసే మనిషికి ఏమీ తెలియదు. పెరుగుతోందా, తగ్గుతోందా అన్నది కొలిస్తేనే తెలుస్తుంది. 1944లో హాకెట్ అనే మలేరియా నిపుణుడు పెట్టిన కొలత ఇప్పటికీ పనికొస్తుంది. ఎడమ చనుమొన మీదుగా నిటారుగా కిందికి ఒక గీత ఊహించండి. ఆ గీత మీద ప్లీహం ఎక్కడిదాకా వచ్చిందో చూడండి. తగలకపోతే సున్నా. నిండుగా గాలి పీల్చినప్పుడు మాత్రమే తగిలితే ఒకటి. మామూలుగానే తగిలి, పక్కటెముకల అంచుకూ బొడ్డు మట్టానికీ మధ్యనున్న సగం దూరం దాటకపోతే రెండు. సగం దాటి బొడ్డు మట్టం లోపల ఆగితే మూడు. బొడ్డు దాటి, బొడ్డుకూ జఘనాస్థికీ మధ్య సగం దాకా వస్తే నాలుగు. అదీ దాటితే అయిదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. భేజ్జి చుట్టుపక్కల ఒక పల్లెలో ఏడేళ్ళ పిల్లాడికి నాలుగు రోజులుగా చలిజ్వరం వస్తోందనుకోండి. కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా ఉంది. పొత్తికడుపు నుంచి పైకి వస్తున్న చేతికి బొడ్డు మట్టానికి కాస్త పైన అంచు తగిలింది. టేపు పెడితే చనుమొన గీత మీద పక్కటెముకల అంచు నుంచి బొడ్డు మట్టానికి 9 సెంటీమీటర్లు, ప్లీహం అంచుకు 6 సెంటీమీటర్లు. సగం దూరం నాలుగున్నర కాబట్టి, ఇది సగం దాటింది, బొడ్డు దాటలేదు. హాకెట్ లెక్కలో మూడు. ఇక స్పర్శ ఎలా ఉంది? పెదవిలా మెత్తగా ఉంటే ఈమధ్య ఉబ్బింది, ముక్కు కొనలా గట్టిగా ఉంటే నెలల తరబడి పెరుగుతూ వచ్చిందని అనుకోవచ్చు. ఈ పిల్లాడిది గట్టిగా ఉంది, నొక్కితే నొప్పి లేదు. నాలుగు రోజుల జ్వరం ఇంత గట్టి ప్లీహాన్ని తయారుచేయదు. అంటే ఇంతకు ముందూ జ్వరాలు వచ్చి ఉంటాయి. తల్లిని ఆ సంగతి అడగాలి.

అప్పుడు రాయాల్సింది ఇంతే: “ప్లీహం ఎడమ చనుమొన గీత మీద అంచు కింద 6 సెం.మీ., గట్టిగా, నొప్పి లేదు, గంటు తగిలింది, హాకెట్ 3.” వెంటనే కిట్టుతో రక్తపరీక్ష చేయాలి, మలేరియా తేలితే మందు మొదలుపెట్టాలి. మందు పూర్తయ్యాక కూడా ప్లీహం వెంటనే తగ్గదు, వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఫాల్సిపారం కిట్టు కూడా క్రిమి చచ్చాక కొన్ని వారాలపాటు పాజిటివ్ చూపించవచ్చు. అందువల్ల మందు పనిచేయలేదని కంగారుపడకండి. నెల తర్వాత అదే గీత మీద మళ్ళీ కొలవండి. ఆరు నాలుగైతే దారి సరైనదే. ఆరు ఆరుగానే ఉండిపోయినా, ఏడెనిమిదికి పెరిగినా కారణం మలేరియా ఒక్కటే కాకపోవచ్చు. సికిల్ సెల్, తలసీమియా, క్షయ, కాలేయ జబ్బులు, రక్త క్యాన్సర్ కూడా ప్లీహాన్ని పెంచుతాయి. వాటిని తేల్చడానికి జగదల్‌పూర్ లేదా భద్రాచలం ఆసుపత్రికి పంపాలి.

పాలిపోయిన పిల్లాడి గుండె వినేటప్పుడు

రక్తం బాగా తగ్గిన పిల్లాడిలో గుండె పరుగెత్తుతూ పనిచేస్తుంది. స్టెతస్కోప్ ఉన్న నర్సులు ఇక్కడ గుండెనూ వినాలి. గుండెకు నాలుగు కవాటాలున్నాయి. నాలుగూ ఛాతీ మధ్య ఎముక వెనక, దాని ఎడమ అంచున, ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి. కవాటం ఉన్న చోటే చెవి పెడితే నాలుగు చప్పుళ్ళూ కలిసిపోతాయి. రక్తం పారే దిక్కున చప్పుడు కూడా ప్రయాణిస్తుంది కాబట్టి అది బాగా విడిగా వినిపించే చోట వింటాం. బృహద్ధమని కవాటాన్ని కుడి రెండో సందులో, పుపుస ధమని కవాటాన్ని ఎడమ రెండో సందులో, మూడు రెక్కల కవాటాన్ని ఎముకకు ఎడమ అంచున నాలుగైదు సందుల్లో, రెండు రెక్కల కవాటాన్ని గుండె కొన కొట్టుకునే చోట వినాలి. ఆ కొన పెద్దవాళ్ళలో ఎడమ అయిదో సందులో కాలర్ ఎముక మధ్య గీత దగ్గర ఉంటుంది. చిన్నపిల్లల్లో నాలుగో సందులో ఉండవచ్చు.

రక్తహీనత ఉన్న పిల్లాడిలో ఎడమ రెండో సందులో మొదటి చప్పుడుకూ రెండో చప్పుడుకూ మధ్య మెత్తగా ఊదినట్టు వినిపించడం సాధారణం. రక్తం పెరిగాక అది పోతుంది. పోకపోతే, లేదా గరగరగా ఉన్నా, చేతికి కంపనంలా తెలిసినా, అది కవాటం జబ్బు కావచ్చు. అలాంటి పిల్లాణ్ణి డాక్టరుకు చూపించాలి.

తల్లికి నేర్పాల్సిన భాగం

బస్తర్ గిరిజనుల్లో సికిల్ సెల్ కూడా ఉంది. దాని నిర్మూలనకు కేంద్ర ప్రభుత్వం 2023 జూలైలో జాతీయ మిషన్ ప్రారంభించింది. ఈ జబ్బున్న చిన్నపిల్లల్లో ఒక్కోసారి గంటల వ్యవధిలో రక్తం ప్లీహంలో చిక్కుకుపోతుంది. ప్లీహం ఉన్నట్టుండి పెరుగుతుంది, పిల్లాడు పాలిపోయి సోలిపోతాడు. వెంటనే రక్తం ఎక్కించకపోతే ప్రాణం పోవచ్చు. జమైకాలో వైద్యులు తల్లిదండ్రులకు ప్లీహం తడిమి చూడడం నేర్పారు. పిల్లల్ని సకాలంలో తీసుకురావడం వల్ల ఈ ఆపద నుంచి మరణాలు బాగా తగ్గాయి. చదువుకున్న వాళ్ళకే వచ్చే విద్య కాదిది.

సికిల్ సెల్ ఉందని తేలిన పిల్లాడి తల్లికి పైన చెప్పిన పద్ధతినే పిల్లాడి పొట్ట మీద చేసి చూపించి, ఆమె చేత చేయించండి. ఒక చిన్న చెక్క పుల్ల ఒక కొసను పక్కటెముకల అంచు దగ్గర ఆనించి, ప్లీహం ఎక్కడిదాకా ఉందో పుల్ల మీద గీత గీసి ఆమెకు ఇవ్వండి. పిల్లాడు నలతగా ఉన్న ప్రతిసారీ, మామూలప్పుడు వారానికోసారి ఆమె ఆ పుల్లతో సరిచూసుకుంటుంది. అంచు గీత దాటి రెండు సెంటీమీటర్లు వచ్చి, పిల్లాడు పాలిపోయి ఉంటే తెల్లారేదాకా ఆగకూడదు.

ఆగకూడని సందర్భం ఇంకొకటి ఉంది. పెరిగిన ప్లీహం ఉన్న మనిషికి పొట్ట మీద దెబ్బ తగిలాక గానీ, దెబ్బే లేకుండా గానీ ఎడమ డొక్కలో హఠాత్తుగా నొప్పి వచ్చి, ఎడమ భుజం పైన కూడా నొప్పి అంటూ చెమటలు పట్టి కళ్ళు తిరుగుతుంటే, ప్లీహం చిట్లిందని అనుకోండి. మళ్ళీ తడిమి చూడకండి, తాగడానికి, తినడానికి ఏమీ ఇవ్వకండి. పడుకోబెట్టి, దొరికిన బండిలో రోడ్డెక్కించండి.

ఈ వారం చేయాల్సిన సాధన

మొదట మీ ఛాతీ మీదే లూయీ కోణం పట్టుకుని, రెండో ఎముక నుంచి లెక్కపెట్టండి. తర్వాత ఇంట్లో వాళ్ళ వీపు మీద రెక్క ఎముక కొన నుంచి పదకొండో ఎముక దాకా దిగండి. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ పొట్ట మీద పొత్తికడుపు నుంచి పక్కటెముకల దాకా చేయి జరిపి, ఏమీ తగలకపోవడం ఎలా ఉంటుందో నేర్చుకోండి. మామూలు పొట్ట తెలిసిన చేతికే మారిన పొట్ట తెలుస్తుంది. ఆ తర్వాత జ్వరంతో వచ్చిన ప్రతి పిల్లాణ్ణీ చూడండి, సెంటీమీటర్లలో రాయండి, కిట్టు పరీక్ష మానకండి. మొదటిసారి మలేరియా వచ్చిన వాళ్ళలో ప్లీహం అసలు తగలకపోవచ్చు కాబట్టి, చేతికి ఏమీ దొరకలేదని జ్వరాన్ని వదిలేయడానికి వీల్లేదు.